ధర సర్దుబాటు లెక్కకు కొలతల త్రైమాసికమా, బిల్లు నెలా?

రోడ్డు వంతెన కాంట్రాక్టులో జనవరి–మార్చిలో చేసిన కోటి రూపాయల పనికి రన్నింగ్ బిల్లు ఏప్రిల్‌లో పెట్టాం. క్లాజులో స్టీల్ వాటా 20%, సిమెంట్ 15%. సూత్రం ఇది:

```
V = 0.85 × P/100 × R × (I1 − I0)/I0
```

త్రైమాసిక సగటు తీసుకుంటే స్టీల్ సూచీ 120 నుంచి 132కి పెరిగింది, అంటే +1,70,000. సిమెంట్ 125 నుంచి 120కి తగ్గింది కాబట్టి −51,000. నికరం రూ.1,19,000 రావాలి.

డివిజన్ అకౌంట్స్‌వాళ్లు ఏప్రిల్ సూచీ వేశారు. అందులో స్టీల్ 126, సిమెంట్ 120 మాత్రం మారలేదు. దాంతో స్టీల్ మొత్తం సగమై, నికరం 34,000కి పడిపోయింది. క్లాజులో ‘పని జరిగిన త్రైమాసికం’ అనే ఉంది. ఎం.బుక్‌లో మార్చి కొలతల పేజీలు జతచేసి రాశాం. అయినా బిల్లు తేదీనే చూస్తామని తిప్పి పంపారు, అది క్లాజుకు విరుద్ధమనే మా అభిప్రాయం.

ఇలాంటి ఆడిట్ అభ్యంతరాన్ని తొలగించుకున్నవాళ్లు, పని జరిగిన కాలానికి రుజువుగా ఎం.బుక్‌తోపాటు ఇంకే రికార్డు పెట్టారు?