ఫోటో పోయింది, లెక్క మాటల్లో చెబితే సరిపోతుందా?

ఎంవీపీ కాలనీ ఇంటర్ స్టూడెంట్: ఫ్రెండ్ నోట్సు పేజీ ఫోటో డిలీట్ అయిపోయింది. గుర్తున్న లెక్క ఇది: ఇంటిగ్రల్ సున్నా నుంచి ఒకటి వరకు, ఎక్స్ ఇంటు ఈ పవర్ ఎక్స్, బై వన్ ప్లస్ ఎక్స్ స్క్వేర్. రెండు రోజులుగా రావట్లేదు. మాటల్లో చెబితే చాలా, నోట్సు దొరికేదాకా ఆగాలా?

సీతమ్మధార: గూగుల్ ఫోటోస్‌లో ట్రాష్ చూడు తమ్ముడూ. బ్యాకప్ అయిన ఫోటో అయితే 60 రోజులు అక్కడే ఉంటుంది.

స్టూడెంట్: అదీ ఖాళీ చేసేశానండీ.

గాజువాక లెక్చరర్: నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తే కింద 1 + x² వస్తుంది. దానికి మనకు తెలిసిన ఫంక్షన్లతో ఇంటిగ్రల్ రాదు. నీకు రాకపోవడానికి కారణం అదే అయ్యుండాలి. "హోల్ స్క్వేర్" అన్న ఒక్క మాట జారిపోయి ఉంటుంది. కింద (1 + x)² పెట్టి చూడు. e^x/(1+x) ని డిఫరెన్షియేట్ చేస్తే సరిగ్గా x·e^x/(1+x)² వస్తుంది. లిమిట్స్ వేస్తే e/2 − 1.

మధురవాడ: అందుకే మాటలు వద్దంటాను. `x*e^x/(1+x)^2` అని టైప్ చేస్తే గొడవే లేదు. లేదా జవాబు గుర్తుంటే చాలు, వెనక్కి వెళ్లి ప్రశ్న పట్టేయొచ్చు.

గాజువాక లెక్చరర్: జవాబుతో సరిచూసుకోవచ్చు గానీ, ప్రశ్న పట్టలేం. (e^x − 1)/2 ని సున్నా నుంచి ఒకటి వరకు ఇంటిగ్రేట్ చేసినా e/2 − 1 వస్తుంది. ఇక టైపింగ్ సంగతి: బ్రాకెట్ ఎక్కడుందో ఈ అబ్బాయికే తెలియదు. టైప్ చేస్తే ఏదో ఒకటి పెట్టాల్సిందే, అప్పుడు ఆ సందేహం చదివేవాళ్లకు కనబడకుండా పోతుంది. "స్క్వేర్ ఎక్స్ మీదో, మొత్తం మీదో గుర్తులేదు" అని మాటల్లో రాస్తే నేను రెండూ చూస్తాను.

పెందుర్తి అక్క: మా తమ్ముడికి చూపు లేదు, ఇంటర్‌లో లెక్కలన్నీ నేనే చదివి వినిపించేదాన్ని. "వన్ ప్లస్ ఎక్స్" అని కాస్త ఆగి "స్క్వేర్" అంటే మొత్తానికి అని వాడికి అర్థమయ్యేది. రాతలో ఆ ఆగడం కనబడదు కదా. అందుకే "బ్రాకెట్ మొదలు, బ్రాకెట్ అయిపోయింది" అని పలికేదాన్ని. "సైన్ ఎక్స్ స్క్వేర్" దగ్గర ఎన్నిసార్లు దెబ్బతిన్నామో! స్క్వేర్ ఎక్స్‌కా, సైన్‌కా అని వాడు అడిగితే మళ్లీ పుస్తకం తీసి చూసేదాన్ని.

మధురవాడ: మీ ముందు పుస్తకం ఉందక్కా. ఇక్కడ పేజీయే లేదు. సార్ చెప్పింది కూడా ఊహే కదా?

గాజువాక లెక్చరర్: ఊహే. పైన e^x పక్కన ఒట్టి x బదులు 1 + x² ఉండి, కింద (1 + x)² ఉండే లెక్క కూడా ఇదే పాఠంలో వస్తుంది. దాని జవాబు 1. బాబూ, పైన ఈ పవర్ ఎక్స్ పక్కన ఒట్టి ఎక్స్ ఉందా, ఇంకేమైనా ఉందా?

స్టూడెంట్: పైన కూడా ఒక ప్లస్ చూసినట్టే ఉంది సార్. ఖచ్చితంగా చెప్పలేను. ఫ్రెండ్ శ్రీకాకుళం నుంచి సోమవారం వస్తాడు, అప్పుడు పేజీ చూసి చెప్తా.