“తీవ్రంగా చింతిస్తున్నాము” అంటే కస్టమర్‌కి క్షమాపణ చెప్పినట్టేనా?

ఇక్కత్ కొట్టు, భూదాన్ పోచంపల్లి
అందరికీ నమస్కారం. ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి. విశాఖపట్నం నుంచి ఒక మేడమ్ మా దగ్గర రెండు పట్టుచీరలు ఆర్డర్ ఇచ్చారు. ఆగస్టు 5కల్లా అందేలా పంపిస్తామని రాసిచ్చాం. ముసురు పట్టుకుని రంగు వేసిన పట్టు ఆరలేదు, గుంట మగ్గంలోకి చెమ్మ దిగింది. ఇప్పుడు 18 లోపు కుదిరేలా లేదు. ఆవిడ మెయిళ్లన్నీ తెలుగులోనే రాస్తారు కాబట్టి జవాబూ తెలుగులోనే ఇవ్వాలి. ఇంగ్లిష్‌లో అయితే కొద్దిపాటి ఆలస్యానికి సారీ, ఇంకాస్త ఎక్కువైతే అపాలజైజ్, మరీ ఎక్కువైతే డీప్లీ రిగ్రెట్ అని పెంచుకుంటూ పోతాం. ఆ లెక్కన తెలుగులో ఇలా రాశాను:

“అనివార్య కారణాల వల్ల మీ ఆర్డర్ డెలివరీలో జాప్యం జరిగినందుకు తీవ్రంగా చింతిస్తున్నాము. మీకు ఏదైనా అసౌకర్యం కలిగి ఉంటే క్షమించగలరు.”

ఇది చాలా? ఇంతకంటే గట్టి మాట ఏదైనా ఉందా?

రైల్వే రిటైర్డ్, సికింద్రాబాద్
అమ్మా, ఆ మాటతోనే నా ఉద్యోగమంతా గడిచింది. “ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము” అని మైకులో రోజూ వినేవాణ్ని. పది నిమిషాలు లేటైనా అదే, ఐదు గంటలు లేటైనా అదే. అది విని ప్లాట్‌ఫాం మీద ఒక్కరికి కూడా కోపం తగ్గగా నేను చూడలేదు. నువ్వు ముందు “తీవ్రంగా” తగిలించినా ఆవిడకి స్టేషన్ అనౌన్స్‌మెంట్ లాగే వినిపిస్తుంది.

వ్యాకరణ ప్రియుడు
అసలు ఆ వాక్యమే తప్పు. చింత అంటే ఆలోచన. “తీవ్రంగా ఆలోచిస్తున్నాము” అని రాసినట్టయింది. అలాగని “క్షమాపణలు కోరుతున్నాం” అని మాత్రం మార్చకండి, అదీ తప్పే. క్షమాపణ అంటేనే క్షమించమని వేడుకోవడం. వేడుకోవడాన్ని మళ్లీ కోరడమేమిటి? “క్షమాపణ చెబుతున్నాం” అనాలి.

తెలుగు మాస్టారు, తెనాలి
మొదటిది ఒప్పుకోను. సంస్కృతంలో చింతకి ఆలోచన అన్న అర్థం ఉన్న మాట నిజమే గానీ తెలుగులోకి వచ్చాక దిగులు, బెంగ అన్న అర్థమే బలపడింది. “జరిగినదానికి చింతించి లాభం లేదు” అంటే ఆలోచించి లాభం లేదని ఎవరూ అనుకోరు. రెండోదానిలో మీరు చెప్పిన మూలార్థం సరైనదే. కాకపోతే “క్షమాపణ కోరు” వాడుకలో ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని తప్పనడానికి నాకు మనసొప్పదు. అందులో ఉన్న చిక్కు వేరు. పేపర్లో “ఫలానా నాయకుడు క్షమాపణ కోరారు” అని ఉంటే ఆయన తన తప్పుకి మన్నించమన్నారో, ఎదుటివాళ్లని క్షమాపణ చెప్పమన్నారో వార్త మొత్తం చదివితే గానీ తెలియదు. మెయిల్లో ఆ గందరగోళం రాదు.

ఇక అసలు ప్రశ్న. అమ్మా, మీరు మూడు మాటల్నీ ఒకే వరసలో పేర్చారు. అవి ఒకే వరసలోవి కావు. చింతిస్తున్నాం అంటే మా మనసులో బాధగా ఉందని చెప్పడం, అంతే. ఎదుటివాళ్లని ఏమీ అడగడం లేదు, తప్పు ఎవరిదో చెప్పడమూ లేదు. క్షమించండి అన్నప్పుడు మాత్రం తప్పు మన వైపు ఉందని ఒప్పుకుని, ఎదుటివాళ్లని ఒకటి అడుగుతున్నాం. సారీ ఆ రెండు పనులూ చేస్తుంది. ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు పోయారంటే ఇంగ్లిష్‌లో సారీ అంటారు. అక్కడ మనం క్షమించండి అంటే వాళ్లు మన మొహం వంక చూస్తారు.

కస్టమర్ సపోర్ట్ ట్రైనర్, హైదరాబాద్
మాస్టారు చెప్పింది ఇంగ్లిష్‌కీ వర్తిస్తుంది. మెయిల్ టెంప్లేట్లు రాయడమే నా పని కాబట్టి చెబుతున్నాను. రిగ్రెట్ అనేది అపాలజైజ్‌కి పైన ఉండే మాట కాదు, పక్కన ఉండేది. ఉద్యోగానికి అప్లై చేసినవాళ్లకి కాదని చెప్పే ఉత్తరంలో రిగ్రెట్ వస్తుంది. అక్కడ కంపెనీ తప్పేమీ ఒప్పుకోవడం లేదు కదా. డీప్లీ రిగ్రెట్ ప్రాణనష్టం జరిగినప్పుడు ఇచ్చే ప్రకటనల్లో కనిపిస్తుంది. బాధ్యత ఎవరిదో ఇంకా తేలనప్పుడు లాయర్లకి అది సుఖమైన మాట. చీరలు పదమూడు రోజులు లేటైతే ఆ మాట రెండు విధాలా చెడుతుంది: సందర్భానికి మరీ పెద్దది, పైగా చల్లగా, దూరంగా ఉంటుంది.

ఒకటి రెండు రోజుల ఆలస్యానికి మేం సారీయే వాడతాం. మాట ఇచ్చిన తేదీ దాటిందంటే అపాలజైజ్. దాని ముందు సిన్సియర్లీ పెట్టాలా వద్దా అన్నది పెద్ద విషయం కాదు.

ఒక కస్టమర్, కర్నూలు
నాకు ఫ్రిజ్ ఇలాగే లేటు చేశారండీ. ప్రతి వారం “చింతిస్తున్నాం” అని ఒక మెయిల్, ఫ్రిజ్ మాత్రం లేదు. మండు వేసవి. మీరు కూడా ఆవిడకి డిస్కౌంట్ కూపన్ పంపి ఊరుకోకండి, నాకు కూపన్ చూస్తే ఇంకా మండింది.

ఇక్కత్ కొట్టు
లేదండీ, కూపన్ ఆలోచన లేదు. మాటే వెతుకుతున్నాను.

ఆడిట్ ఆఫీసు తమ్ముడు
అక్కా, ఒక జాగ్రత్త. మెయిల్లో “తప్పు మాది” అని మాత్రం రాయొద్దు. రేపు కన్స్యూమర్ కోర్టులో అదే సాక్ష్యం అవుతుంది. చింతిస్తున్నాం అన్నదే సేఫ్.

కస్టమర్ సపోర్ట్ ట్రైనర్
తమ్ముడూ, భయం అర్థమైంది గానీ ఇక్కడ మాట మార్చినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. ఆన్‌లైన్ అమ్మకాలకి 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, చెప్పిన గడువు దాటి సరుకు వస్తే అమ్మినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించకూడదు. ఆ ఆలస్యం మనుషుల చేతిలో లేని విపత్తు వల్ల అయితేనే మినహాయింపు. అంటే బరువున్నది “క్షమించండి”లో కాదు, అక్క రాసిన “అనివార్య కారణాల వల్ల”లో. అది నిజమేనా అన్నదే ప్రశ్న.

తెలుగు మాస్టారు, తెనాలి
నేనూ సరిగ్గా అక్కడికే వస్తున్నాను. అమ్మా, శ్రావణంలో ముసురు పట్టడం మీకు కొత్తా?

ఇక్కత్ కొట్టు
కొత్తేం కాదు మాస్టారూ. ప్రతి ఏడాదీ ఉండేదే. డిజైన్ కోసం పోగులకి గట్టిగా చిటికీ కట్లు కట్టి రంగులో ముంచిన పట్టు బాగా ఆరితే గానీ కట్లు విప్పి మగ్గానికి ఎక్కించలేం. తడిమీద తొందరపడితే రంగు పాకి డిజైన్ అంచులు చెదిరిపోతాయి. పైగా మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులు, అంటే ఒక వార్పు, దాని మీద చీరలు వరసగా దిగాలి, మధ్యలోది ముందుకు లాగలేం. తేదీ ఇచ్చేటప్పుడు వాన రోజులు కలుపుకుని ఇవ్వాల్సింది, కలపలేదు.

తెలుగు మాస్టారు, తెనాలి
అయితే అది అనివార్యం కాదు. మీరు ఇప్పుడు రాసిన చివరి వాక్యమే మీ మెయిల్‌కి కావలసింది. క్షమాపణ బరువు “తీవ్రంగా” అన్న మాటలో కంటే క్రియలో ఎక్కువ ఉంటుంది. “ఆలస్యం జరిగింది” అంటే చేసినవాళ్లు ఎవరూ లేరు, దానంతటదే జరిగింది. “ఆలస్యమైంది” కూడా దాదాపు అంతే, కాస్త ఇంటి మాటలా ఉంటుంది. “ఆలస్యం చేశాం” అన్నప్పుడే మీరు వాక్యంలోకి వచ్చారు. “జాప్యం జరిగినందుకు తీవ్రంగా చింతిస్తున్నాము”, “ఆలస్యం చేశాం, క్షమించండి”, ఈ రెండూ పైకి చదివి చూడండి. రెండోదే చిన్నది, అందులోనే ఎక్కువ ఒప్పుకోలు ఉంది.

ఇంకొకటి. “అసౌకర్యం కలిగి ఉంటే” అన్నారు. ఆ “ఉంటే” దగ్గర ఇచ్చింది కాస్తా వెనక్కి లాగేసుకున్నారు. కలిగిందో లేదో మాకు అనుమానమే అన్నట్టుంది.

శ్రీకాకుళం ఆడపడుచు
ఇంత బరువైన మాటలెందుకండీ? మా ఇళ్లలో “ఏమీ అనుకోకండి, కాస్త ఆలస్యమైంది” అంటే సరిపోతుంది. అచ్చ తెలుగు కూడా.

తెలుగు మాస్టారు, తెనాలి
చాలా మంచి మాట తల్లీ, రెండు రోజుల ఆలస్యానికి దాన్ని మించింది లేదు. కానీ అనుకోవద్దని చెప్పాలంటే ఎదుటివాళ్లు అనుకోకుండా ఉండగలిగేంత చిన్న విషయం అయి ఉండాలి. ఇక్కడ ఆ చీరలు ఎందుకోసం కొన్నారో మనకి తెలియదు.

ఇక్కత్ కొట్టు
తెలుసు మాస్టారూ, ముందే చెప్పాల్సింది. వరలక్ష్మీ వ్రతానికి. ఆవిడకొకటి, కోడలికొకటి. కోడలికి పెళ్లయ్యాక మొదటి వ్రతమట, ఆర్డర్‌లో రాశారు. 18కి వ్రతం అయిపోతుంది.

రైల్వే రిటైర్డ్, సికింద్రాబాద్
అయ్యో. దాన్ని పట్టుకుని అసౌకర్యం అంటే ఎలా అమ్మా?

కస్టమర్ సపోర్ట్ ట్రైనర్
అందుకే టెంప్లేట్ పనికిరాదు. వ్రతం పేరు మెయిల్లో ఉండాలి, ఆర్డర్‌లో రాసింది చదివారని తెలియాలి. ఈరోజే పంపండి. ఇంకా టైమ్ ఉండగా చెబితే ఆవిడ వేరే చీర చూసుకోగలరు. క్షమాపణ మొదట్లో ఒక్కసారి చాలు. చివర “మరోసారి” అని మళ్లీ మొదలుపెడితే ఆవిడే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

ఇక్కత్ కొట్టు
మళ్లీ రాశాను, చూడండి:

“నమస్కారం మేడమ్. మీ రెండు చీరలు ఆగస్టు 5కల్లా ఇస్తామని మాట ఇచ్చి ఆలస్యం చేశాం. వ్రతానికి అందించలేకపోతున్నాం. మమ్మల్ని క్షమించండి. వానల్లో పట్టు ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుందని తెలిసి కూడా తేదీ ఇచ్చేటప్పుడు ఆ రోజులు కలపలేదు, అది మా పొరపాటు. చీరలు ఆగస్టు 18న పంపగలం. అప్పటిదాకా ఆగడం కుదరకపోతే ఆర్డర్ రద్దు చేసి పూర్తి డబ్బు తిరిగి పంపిస్తాం. వ్రతానికే కావాలంటే కొట్టులో సిద్ధంగా ఉన్న ఇక్కత్ పట్టుచీరల ఫొటోలు జత చేశాను, నచ్చినవి చెబితే రేపే కొరియర్ చేస్తాం. మీ కోడలిగారి మొదటి వ్రతమని రాశారు, అందుకు మాకు చాలా బాధగా ఉంది.”

తెలుగు మాస్టారు, తెనాలి
బాగుంది. చివరి వాక్యం “వ్రతానికి అందించలేకపోతున్నాం” పక్కకి తీసుకురండి. చివర ఉంటే కొరియర్ మాట అయ్యాక గుర్తొచ్చినట్టుంది. “బాధగా ఉంది” అన్నారే, మీరు చింతిస్తున్నాం అనబోయింది అదే. క్షమించండి పక్కనే చోటు దొరికింది కాబట్టి ఇప్పుడు అది నిజంగా వినిపిస్తోంది.

శ్రీకాకుళం ఆడపడుచు
“క్షమించండి” బదులు “మన్నించండి” అంటే ఇంకా మెత్తగా ఉండదూ? అందులో మన్నన ఉంది, గౌరవం ఉంది.

తెలుగు మాస్టారు, తెనాలి
మెత్తదనం ఉంది. నా చెవికి మాత్రం ఇప్పుడది కాస్త పాత ఉత్తరాల మాటలా వినిపిస్తుంది. ఆవిడ వయసు, ఆవిడ తెలుగు ఎలాంటిదో కొట్టువారికే తెలుసు.

వ్యాకరణ ప్రియుడు
మెయిల్లో క్షమాపణ కోరలేదు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. పేపర్లవాళ్లు రాసేది మాత్రం తప్పేనని నా అభిప్రాయం, అది మారదు.

ఒక కస్టమర్, కర్నూలు
మెయిల్ సబ్జెక్ట్ లైన్ ఏం పెడుతున్నారు? నాకొచ్చినవన్నీ “మీ ఆర్డర్ గురించి ముఖ్య సమాచారం” అనే ఉండేవి. ఫ్రిజ్ బయల్దేరిందేమో అని ప్రతిసారీ ఆశగా తెరిచేవాణ్ని.

ఇక్కత్ కొట్టు
నేనూ అలాంటిదే పెట్టాను, ఇప్పుడు తీసేస్తున్నాను. “మీ చీరలు వ్రతానికి అందవు, ఆగస్టు 18న పంపగలం, క్షమించండి” అని పెడుతున్నాను. “మన్నించండి” గురించి మా అత్తయ్యని కూడా అడుగుతాను, ఆవిడదీ ఈ మేడమ్‌దీ ఇంచుమించు ఒకటే వయసు.