రిజల్ట్స్‌లో "పిండి జీర్ణమైంది" అని రాస్తే తప్పేంటి?

బీఎస్సీ_ఫస్టియర్: లాలాజలంలోని అమైలేజ్ మీద వేడి ప్రభావం చూసే ప్రాక్టికల్ చేశాం. ఒక్కో ట్యూబులో 1 శాతం పిండి ద్రావణం 5 మి.లీ., పలచన చేసిన లాలాజలం 1 మి.లీ. ఒకటి ఐస్‌లో, ఒకటి 37 డిగ్రీల్లో, ఒకటి 80 డిగ్రీల్లో. నా రిజల్ట్స్ ఇవి: "37 దగ్గర 6 నిమిషాల్లో పిండి అంతా జీర్ణమైంది. ఐస్‌లో ఎంజైమ్ డీనేచర్ అయింది. 80 దగ్గర కూడా పిండి పూర్తిగా జీర్ణమైంది." మేడమ్ మూడింటి కిందా ఎర్ర గీత కొట్టి, "నీ కంటికి కనిపించింది ఏది?" అని రాశారు. ఈ మూడు వాక్యాలూ తీసి డిస్కషన్‌లో పెట్టేస్తే చాలా?

లెక్కలే_ముద్దు: రిజల్ట్స్ అంటే టేబుల్, అంతే. వాక్యాలు రాయకండి. సగటు తీసినా అది మీ వ్యాఖ్యానమే అవుతుంది.

పాత_డెమాన్‌స్ట్రేటర్: అంత కఠినంగా ఉండక్కర్లేదండీ. సగటు రిజల్ట్స్‌లోనే ఉంటుంది. "37 దగ్గర రంగు రావడం ఆగిపోయింది, ఐస్‌లో 20 నిమిషాలైనా వస్తూనే ఉంది" అని పోల్చి రాసినా పర్వాలేదు. అలా ఎందుకు జరిగిందో చెప్పడం మొదలుపెడితేనే గీత దాటినట్టు.

బాబూ, నువ్వు పిండిని చూడలేదు, అయోడిన్ రంగును చూశావు. మొదటి వాక్యం "ఆరో నిమిషంలో తీసిన చుక్కకు అయోడిన్ కలిపితే నీలి రంగు రాలేదు" అని ఉండాలి. పిండి విరిగిపోయిందన్న మాట డిస్కషన్‌ది. 80 డిగ్రీల ట్యూబు మాత్రం నాకు అనుమానంగా ఉంది. దాన్ని ఎలా పరీక్షించావు?

బీఎస్సీ_ఫస్టియర్: మిగతా రెండింటికీ నిమిషానికోసారి చుక్క తీసి తెల్ల పలక మీద అయోడిన్ కలిపాను సార్. దీనికి టైమ్ లేక, చివర్లో వాటర్ బాత్‌లో ఉండగానే ట్యూబులోనే అయోడిన్ వేశాను. నీలం రాలేదు.

ఇంటర్_బైపీసీ: మాకు సాల్ట్ అనాలిసిస్‌లో పరిశీలన, అనుమితి పక్కపక్క గడుల్లోనే ఉంటాయి. వేరే పేజీలో రాయాలా ఇప్పుడు?

పాత_డెమాన్‌స్ట్రేటర్: ఇంటర్ అమ్మాయీ, నీ రికార్డు అలాగే ఉండనీ. గడి మారిందంటే విడదీసినట్టే. కాకపోతే పరిశీలన గడిలో "నైట్రేట్ వలయం వచ్చింది" అని రాస్తారు చాలామంది. రెండు ద్రవాలు కలిసే చోట గోధుమ రంగు వలయం వచ్చిందని రాయి. నైట్రేట్ అన్న మాట పక్క గడిలో పెట్టు.

ఇక 80 సంగతి. పిండి, అయోడిన్ కలిస్తే వచ్చే నీలం వేడిలో నిలవదు. పిండి మొత్తం అలాగే ఉన్నా వేడి ట్యూబులో రంగు కనిపించకపోవచ్చు. పలక మీద చుక్క అయితే ఇట్టే చల్లారుతుంది, అక్కడ ఈ గొడవ ఉండదు. నువ్వు "నీలం రాలేదు, ట్యూబు బాత్‌లోనే ఉంది" అని రాసి ఉంటే చదివినవాళ్లకు కారణం దొరికేది. "జీర్ణమైంది" అని రాశాక ఇంక వెతకడానికి ఏముంది? ఈసారి ట్యూబును చల్లార్చి చూడు.

ఐస్ వాక్యం డిస్కషన్‌లోకి మార్చినా తప్పే. చలికి ఎంజైమ్ నెమ్మదిస్తుంది గానీ పాడవదు. అదే ట్యూబును 37కి తెస్తే కాసేపటికి నీలం రావడం ఆగిపోతుంది.

డాలస్_టీఏ: ఇక్కడ మా ల్యాబ్‌లో నేనే రిపోర్టులు దిద్దుతాను. "అనుకున్నట్టే" అన్న మాట రిజల్ట్స్‌లో కనిపిస్తే మార్కు కోసేస్తాను. కొన్ని జర్నల్స్‌లో రిజల్ట్స్, డిస్కషన్ కలిపే వేస్తారని పిల్లలు వాదిస్తారు. నిజమే, కానీ అక్కడ కూడా ఒకే వాక్యంలో కలిపేయరు.

బీఎస్సీ_ఫస్టియర్: ఇవాళ మళ్లీ చేశాను. ఐస్ ట్యూబును 37లో పెడితే సార్ చెప్పినట్టే అయింది. 80 ట్యూబును కుళాయి నీళ్ల కింద చల్లార్చాను. రంగు వచ్చింది! కానీ నీలం కాదు, పలచటి ఊదా.

పాత_డెమాన్‌స్ట్రేటర్: రిజల్ట్స్‌లో "పలచటి ఊదా" అనే రాయి, నీలంగా దిద్దకు. పిండి, లాలాజలం ముందే కలిపి చల్లగా బాత్‌లో పెట్టావా? అలాగైతే ట్యూబు 80కి చేరేలోపు ఎంజైమ్ కొంత పని చేసి ఉండొచ్చు. సగం విరిగిన పిండికి అలాంటి రంగే వస్తుంది. లేదా వేడికి అయోడిన్ కొంత ఆవిరై రంగు పలచబడి ఉండొచ్చు. ఇంకో చుక్క అయోడిన్ వేసి చూడు. ముదురు నీలం వస్తే రెండోదే కారణం అనుకోవచ్చు.

లెక్కలే_ముద్దు: పలచటి ఊదా అంటే ఎంత పలచన? కలరీమీటర్ రీడింగ్ లేకుండా దాన్ని పరిశీలన అని ఎలా అంటారు?

బీఎస్సీ_ఫస్టియర్: ముందే కలిపి పెట్టాను సార్. ఇంకో చుక్క వేద్దామంటే ట్యూబు అప్పటికే కడిగేశాను. డిస్కషన్‌లో రెండు కారణాలూ రాసి, తేల్చలేదని రాస్తున్నాను. కలరీమీటర్ మా ల్యాబ్‌లో ఒకటే ఉంది, అది బీరువాలో ఉంటుంది.