మా ఆవిడకు పంపే సారీ మెసేజ్ ఒకసారి చూసి చెప్పండి

మాది గుంటూరు. చీటీ డబ్బులు మా ఆవిడ తన తమ్ముడి కాలేజీ ఫీజుకు ఇచ్చిందని తెలిసి, మా అమ్మ ముందే తన మీద అరిచాను. "ఇల్లంతా పుట్టింటికి దోచిపెడుతున్నావ్" అన్నాను. మర్నాడు విజయవాడలో వాళ్ల అమ్మగారింటికి వెళ్లిపోయింది. ఫోన్ ఎత్తడం లేదు, మెసేజ్‌లు మాత్రం చూస్తోంది.

మొదట ఇలా రాసుకున్నాను: "సారీ, ఆఫీసు టెన్షన్‌లో అనేశాను. నువ్వు బాధపడి ఉంటే క్షమించు. కానీ నువ్వూ ముందే చెప్పాల్సింది." చదువుకుంటే నాకే నచ్చలేదు. టెన్షన్ అన్నది సాకు. "బాధపడి ఉంటే" అంటే, బాధపడిందో లేదో నాకు అనుమానం ఉన్నట్టుంది. "కానీ" దగ్గర గొడవ మళ్లీ మొదలవుతుంది. అందుకే మార్చాను:

"అమ్మ ముందు నీ మీద అరిచాను. మీ వాళ్లు దొంగలన్నట్టు మాట్లాడాను. నిన్ను చిన్నబుచ్చాను. తప్పు నాది, క్షమించు. నేనన్నది తప్పని అమ్మకూ చెప్పాను. వెంటనే జవాబు ఇవ్వక్కర్లేదు."

అమ్మతో నిజంగానే మాట్లాడాను. డబ్బు సంగతి ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సింది కాబట్టి ఇందులో కలపలేదు. చివర్లో "ఎప్పుడొస్తావ్" అని అడగొచ్చా, లేక తొందరపెట్టినట్టు అవుతుందా? వాళ్ల తమ్ముడికి విడిగా ఫోన్ చేసి సారీ చెప్పాలా? పెళ్లైన ఆడవాళ్లు తమకైతే ఎలా అనిపిస్తుందో చెప్పండి, ప్లీజ్.