పని ఎక్కువైందని మేనేజర్‌కి రాసేటప్పుడు ఏది ముందో మనమే చెప్పాలా, ఆయన్నే తేల్చమనాలా?

వానచినుకు
నిన్న రాత్రి చాట్‌లో ఒక సహోద్యోగికి ఇలా రాశాను: "అన్నీ నా నెత్తినే పడేస్తున్నారు. శుక్రవారానికి ఇవన్నీ ఎలా అవుతాయి? నేను మనిషినా, మెషీన్‌నా?" ఇదే సంగతి ఇప్పుడు మేనేజర్‌కి మర్యాదగా రాయాలి. కొత్త క్లయింట్ డేటా మార్పిడి, నెలవారీ రిపోర్ట్, కొత్తగా చేరిన అమ్మాయికి ట్రైనింగ్, రోజువారీ సపోర్ట్ టికెట్లు, నాలుగూ నా దగ్గరే ఉన్నాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది నేనే రాసి పంపాలా, ఆయనకే వదిలేయాలా? నేనే రాస్తే రేపు ఏదైనా తేడా వస్తే తప్పు నా మీద పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

నిక్కచ్చి
ఆయనకే వదిలేయండి. నాలుగు పనులూ ఇచ్చింది ఆయన, ఏది ఆగినా పర్లేదో తెలిసింది కూడా ఆయనకే. "ఈ నాలుగూ శుక్రవారానికి కావు, ఏది ముందు చేయమంటారో చెప్పండి" అని రెండు ముక్కలు రాస్తే చాలు. పని చేయడం మన బాధ్యత, తేల్చడం ఆయన బాధ్యత. అది కూడా మనమే చేసి పెడితే మన నెత్తిన ఐదో పని పెట్టుకున్నట్టే.

సాయంకాలం
నాదీ ఇలాంటి కథేనండి. సెలవు అడిగితే పని ఎక్కువగా ఉందన్నారు, పని ఎక్కువగా ఉందంటే ఎలాగోలా సర్దుకోమన్నారు. మర్యాదగా రాసీ రాసీ విసిగిపోయాను. సెలవు ఎలా అడగాలో కూడా ఎవరైనా చెప్తారా?

తూనికరాయి
సాయంకాలం గారూ, సెలవు విషయం వేరు, దానికి విడిగా చర్చ పెడితే మంచిది. ఇక్కడ అడిగింది చేతిలో ఉన్న పని గురించి.

నిక్కచ్చి గారి మాట సగం నిజం. నిర్ణయం మేనేజర్‌దే. కానీ "ఏది ముందు చేయమంటారు" అని ఉత్తినే అడిగితే నూటికి తొంభై సార్లు వచ్చే జవాబు "అన్నీ ముఖ్యమే, కొంచెం చూడండి". ఆయన చెడ్డవాడై అలా అనడు. ఏ పనికి ఎంత సమయం పడుతుందో ఆయన దగ్గర లెక్క లేదు. లెక్క లేనివాడు తేల్చలేడు. నేను చాలా ఏళ్లు ఇలాంటి మెసేజ్‌లు రాశాను, తర్వాత అందుకున్నాను కూడా. మెసేజ్‌లో ముందు గంటలు ఉండాలి, తర్వాత వరుస ఉండాలి, చివర ఆయన ఒక్క మాటతో సరేననో కాదనో చెప్పగలిగేలా ఉండాలి.

వానచినుకు గారూ, ఇవాళ మంగళవారం ఉదయం. ఒక్కో పనికి నిజంగా ఎన్ని గంటలు పడతాయి? మీటింగులకు రోజుకి ఎంత పోతుంది?

వానచినుకు
మీటింగులకు రోజుకి గంటన్నర. డేటా మార్పిడికి ఇంకా 16 గంటలు, రిపోర్ట్‌కి 10, ట్రైనింగ్‌కి 6. టికెట్లకు రోజుకి 2 గంటలు.

తూనికరాయి
శుక్రవారం దాకా 4 రోజులు, రోజుకి 8 గంటల చొప్పున 32. మీటింగులకు 6 పోతే మిగిలేది 26. పనులన్నీ కలిపితే 40. మీ కోపం వెనక ఉన్నది ఈ 14 గంటలే. చాట్‌లో రాసిన వాక్యాల్లో అది ఎక్కడా కనబడదు, అందుకే అవి మేనేజర్‌కి పనికిరావు. మీ బాధ అబద్ధమని కాదు.

ఇంకో సంగతి. మన భాషలో "నేను చేయలేను" అంటే వినేవాళ్లకు చేతకాదనీ వినబడుతుంది, ఇష్టం లేదనీ వినబడుతుంది. "శుక్రవారానికి నాలుగూ పూర్తి కావు" అంటే మాట మనిషి మీద నుంచి పని మీదికి వెళ్తుంది. "అన్నీ", "ఎప్పుడూ", "నాకే" అన్న మాటలు తీసేయండి. వాటికి ఒక్క మినహాయింపు చూపిస్తే మీ మొత్తం మెసేజ్ వీగిపోతుంది.

నేనైతే ఇలా రాస్తాను:

"నమస్తే అండి. ఈ వారం నా దగ్గరున్న నాలుగు పనులకు సుమారు 40 గంటలు పడతాయి. మీటింగులు పోను శుక్రవారం సాయంత్రం దాకా నాకున్నవి 26. కాబట్టి నాలుగూ శుక్రవారానికి పూర్తి కావు. డేటా మార్పిడి, టికెట్లు ఈ వారం ముగించి, రిపోర్ట్ వచ్చే బుధవారానికి ఇచ్చి, ట్రైనింగ్ వచ్చే సోమవారం మొదలుపెట్టాలని అనుకుంటున్నాను. డేటా మార్పిడి ముందు పెట్టింది క్లయింట్ సోమవారం నుంచి కొత్త సిస్టమ్ వాడాలి కాబట్టి. ఈ వరుస మార్చాలంటే ఇవాళ సాయంత్రం 4 లోపు చెప్పగలరా? లేకపోతే ఇలాగే మొదలుపెడతాను."

మార్పిడికి 16, టికెట్లకు 8, మొత్తం 24. రెండు గంటలు ఖాళీ వదిలాను. అంచనా వేసిన గంటల్లోనే పని ముగియడం నేను అరుదుగా చూశాను.

నిక్కచ్చి
లెక్క బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ చివరి వాక్యం నాకు మింగుడు పడటం లేదు. "లేకపోతే ఇలాగే మొదలుపెడతాను" అని పైవాళ్లకు రాయడం గడువు పెట్టి బెదిరించినట్టు ఉంటుంది. పైగా ఆయన రోజంతా మీటింగుల్లో ఉండి మెసేజ్ చూడకపోతే? రిపోర్ట్ ఆగిపోయాక "నేను సరేనన్నానా?" అంటారు. వానచినుకు గారు భయపడింది సరిగ్గా దీనికే.

తూనికరాయి
ఆ వాక్యం లేకపోతే జవాబు వచ్చేదాకా ఆవిడ నాలుగూ కొంచెం కొంచెం చేస్తూ కూర్చోవాలి. శుక్రవారానికి ఒక్కటీ పూర్తవదు. అయినా మీ అభ్యంతరంలో బలం ఉంది. వెనక్కి తీసుకోలేని పనికి ఆ వాక్యం వాడకూడదు. మంగళవారం మార్పిడి మొదలుపెడితే బుధవారం ఉదయం ఆయన వద్దన్నా పెద్ద నష్టం లేదు, రిపోర్ట్‌కి ఇంకా సమయం ఉంటుంది. అదే ఎవరికైనా "ఈ వారం రిపోర్ట్ రాదు" అని బయట చెప్పేయాల్సి వస్తే మాత్రం ఆయన నోటి మాట వచ్చేదాకా ఆగాలి.

కొత్తబాట
ఆరునెలలుగా నేనే ఒక చిన్న టీమ్‌ని చూస్తున్నాను. ఇలాంటి మెసేజ్ వస్తే నాకు ముందు సంతోషమే కలుగుతుంది, కానీ ఒక చోట గుచ్చుకుంటుంది. డేటా మార్పిడి ఎందుకు ముందో రాశారు, రిపోర్ట్ ఎందుకు ఆగొచ్చో రాయలేదు. ఆ రిపోర్ట్ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు? ఎప్పుడు చదువుతారు? మా దగ్గర ఒకరు నెలవారీ లెక్కను ఇలాగే వెనక్కి నెట్టారు. తీరా ఆ రోజు సాయంత్రమే పైవాళ్లు దాన్ని చూడబోతున్నారని నాకు మాత్రమే తెలుసు. వరుస తప్పుగా పెట్టినందుకు నేను ఆ మనిషిని ఏమీ అనలేదు, కానీ వెళ్లి అడిగి ఉంటే బాగుండేది అనిపించింది. మెసేజ్ పంపే ముందు రిపోర్ట్ వాడేవాళ్లను రెండు నిమిషాలు అడగండి.

వానచినుకు
ఇప్పుడే అడిగాను. నిజంగానే రిపోర్ట్ గురువారం ఒక సమావేశంలో చూస్తారట! కానీ వాళ్లకు కావాల్సింది మొదటి రెండు పేజీల అంకెలు మాత్రమే. మిగతాది వచ్చే వారం ఇచ్చినా ఫర్వాలేదన్నారు. ఆ రెండు పేజీలకు నాకు 3 గంటలు చాలు. అంటే 16, 8, 3 కలిపి 27. ఉన్నవి 26. ఒక గంట ఎక్కువైంది, ఖాళీ అసలు లేదు.

తూనికరాయి
చూశారా, మీరు కూర్చుని అనుకున్న వరుస తప్పని రెండు నిమిషాల్లో తేలింది. నేను రాసిచ్చిన మెసేజ్ కూడా తప్పే. రిపోర్ట్ మొత్తాన్ని వెనక్కి నెట్టమన్నాను, దాన్ని ముక్కలు చేయొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

గంటలు దొరకాలంటే శుక్రవారం టికెట్లు ఎవరైనా చూడగలరేమో కనుక్కోండి. అలా అయితే 16, 6, 3 కలిపి 25. ఒక గంట మిగులుతుంది. అది చాలా తక్కువ, కానీ అసలు లేనిదానికన్నా నయం. ఒక్క జాగ్రత్త. ఆ మనిషిని అడక్కుండా పేరు రాయొద్దు. "ఫలానావాళ్లు చూసుకోగలరు" అని మేనేజర్‌కి రాసేస్తే, రేపు ఆ ఫలానావాళ్లు మీ గురించి మీరు నిన్న చాట్‌లో రాసిన వాక్యమే రాసుకుంటారు.

వానచినుకు
అడిగాను, శుక్రవారం ఒక్కరోజుకి ఒప్పుకున్నారు. మెసేజ్ ఇలా మార్చాను:

"నమస్తే అండి. ఈ వారం నా దగ్గరున్న నాలుగు పనులకు సుమారు 40 గంటలు పడతాయి. మీటింగులు పోను ఉన్నవి 26. అందుకని ఇలా అనుకుంటున్నాను. డేటా మార్పిడి శుక్రవారానికి ముగిస్తాను. రిపోర్ట్‌లో గురువారం సమావేశానికి కావాల్సిన రెండు పేజీలు బుధవారం సాయంత్రానికి ఇస్తాను, మిగతాది వచ్చే బుధవారానికి. ఇది వాళ్లతో మాట్లాడాను, సరేనన్నారు. శుక్రవారం టికెట్లు నా సహోద్యోగి చూస్తానన్నారు. ట్రైనింగ్ వచ్చే సోమవారం మొదలుపెడతాను. దీనిలో ఏమైనా మార్చాలంటే ఇవాళ సాయంత్రం 4 లోపు చెప్పగలరా? అప్పటిదాకా డేటా మార్పిడి పనిలో ఉంటాను."

"లేకపోతే" అన్న మాట తీసేశాను. నిక్కచ్చి గారు చెప్పాక నాకూ అది కటువుగా అనిపించింది. నేను ఏ పనిలో ఉంటానో మాత్రం చెప్పాను.

తూనికరాయి
ఆ చివరి వాక్యం నేను రాసినదానికన్నా బాగుంది. పని ఆగదు, బెదిరింపూ లేదు.

నిక్కచ్చి
మెసేజ్ బాగుంది. కానీ నాకు ఒకటి మిగిలిపోయింది. ఇంత చక్కగా రాశాక చదివినవాళ్లకు ఏమనిపిస్తుంది? అంతా సర్దుకుంది, ఈవిడ భలే సర్దుకుంటుంది అనిపిస్తుంది. వచ్చే వారం ఇంకో 40 గంటలు వస్తాయి. 26 గంటల మనిషికి 40 గంటల పని ఎందుకు వచ్చిందన్నది ఈ మెసేజ్‌లో ఎక్కడుంది? వానచినుకు గారూ, మీకు ఇలా జరగడం మొదటిసారా?

వానచినుకు
కాదండి. గత మూడు వారాల్లో ఐదు రోజులు రాత్రి 9 దాటాకే లేచాను. ఎవరికీ చెప్పలేదు.

కొత్తబాట
అది రాయండి, కోపం లేకుండా ఉన్నది ఉన్నట్టు. నాకైతే ఆ ఐదు రోజుల సంగతి తెలియకపోతే పని సజావుగా నడుస్తోందనే అనుకుంటాను. పని అయిపోతూ ఉంటే ఎలా అయిందో ఎవరూ చూడరు.

తూనికరాయి
రాయాలి, కానీ ఈ మెసేజ్‌లో వద్దని నా అభిప్రాయం. దీనికి ఇవాళ సాయంత్రానికి ఒక జవాబు కావాలి. ఐదు రాత్రుల సంగతి చేరిస్తే ఆయన దానికి జవాబిస్తూ వరుస సంగతి మర్చిపోతారు. వచ్చే వారం పావుగంట విడిగా అడిగి, ఈ నెలలో ఏ వారం ఎన్ని గంటల పని వచ్చిందో ఒక కాగితం మీద పెట్టి మాట్లాడితే మంచిది. టికెట్లు శాశ్వతంగా ఇంకొకరికి వెళ్లాలా అన్నది అక్కడ తేలాలి.

నిక్కచ్చి
"వచ్చే వారం" అని వాయిదా వేసిన పావుగంటలు ఎన్ని జరుగుతాయో నేను చూశాను. ఒక్క వాక్యమైనా ఇందులోనే ఉండాలంటాను: "దీని వెనకున్న పని భారం గురించి వచ్చే సోమవారం మీతో 15 నిమిషాలు మాట్లాడాలి." అప్పుడు అది మాయమైపోదు.

వానచినుకు
ఆ వాక్యం చేర్చి పంపేశాను. ఐదు రాత్రుల సంగతి రాయలేదు, సోమవారం చెప్తాను. ఇప్పుడే జవాబు వచ్చింది: "సరే. ట్రైనింగ్ మాత్రం పూర్తిగా ఆపకండి, ఆ అమ్మాయి ఖాళీగా కూర్చుంటోంది." సోమవారం గురించి ఏమీ అనలేదు.

సాయంకాలం
ఆ అమ్మాయిని మీరు డేటా మారుస్తుండగా పక్కన కూర్చోబెట్టుకోవచ్చు కదండీ? నేను చేరిన కొత్తలో అలాగే నేర్చుకున్నాను.

తూనికరాయి
చేయొచ్చు, మంచి మాట. కాకపోతే పక్కన కూర్చుని అడుగుతుంటే 16 గంటల పని 16లో అవదు, మిగిలిన ఆ ఒక్క గంటా అందులోనే పోతుంది. రోజుకి అరగంట అని ముందే హద్దు పెట్టుకుని, ఆ సంగతి ఇప్పుడే ఆయనకి ఒక్క వాక్యంలో జవాబివ్వండి. అదే వాక్యం పక్కన సోమవారం ఏ సమయానికి వీలవుతుందో అడగండి.