ఆ ‘న’ ఒకటా, రెండా?

సాగరతీరం: నిన్నట్నుంచి ఒక పద్యపాదం నోట్లో నానుతోంది. “అల్పాక్షరముల నల్పార్థరచన”. ఇంతేనా? మా వీధి నీళ్ల గొడవ మీద పోస్టు రాసి, కత్తిరిస్తుంటే గుర్తొచ్చింది.

ముందు ఇలా రాశాను: “గత కొంతకాలంగా మా వీధిలో నీటి సమస్య అనేది ఉందన్న విషయం అందరికీ తెలిసిందే. పైపు పగిలిందట. అధికారుల దృష్టికి తీసుకురాబడటం జరిగింది.”

కత్తిరించాక: “మా వీధికి నీళ్లు సరిగా రావట్లేదు. పైపు పగిలింది. అధికారులకు చెప్పాం.”

భీమిలి మేస్టారు: ఒక ‘న’ మింగేశారు బాబూ. “అల్పాక్షరముల ననల్పార్థరచన”. మీ పాఠంలో తక్కువ అక్షరాలకి అర్థమూ తక్కువే. పాల్కురికి సోమనాథుడు దాన్ని కవివివేకం అంటాడా? పైగా ద్విపద కుంటుతుంది. ‘రములన’ అని నాలుగు లఘువుల నలం పడాల్సిన చోట మూడు లఘువులే మిగిలితే ఇంద్రగణం ఎక్కడిది?

చినవాల్తేరు: తర్వాతది “కల్పించుటయే కాదె” కదండీ?

భీమిలి మేస్టారు: ‘యే’ దీర్ఘమైతే గణం చెడుతుంది. “కల్పించుటయ కాదె”.

చినవాల్తేరు: ‘టయె’ అన్నా సరిపోతుందిగా!

పాత శ్రీశ్రీ అభిమాని: విశాఖలో పుట్టిన శ్రీశ్రీని వదిలేసి ద్విపద గణాలేమిటండీ? మాట పొదుపు ఆయన దగ్గర నేర్చుకోవాలి.

మర్రిపాలెం పిన్ని: నేనైతే ‘బడ’, ‘పడ’ కనిపిస్తే చాలు, కొట్టేస్తాను. నిన్న “పాము కనబడి భయపడ్డాను” కూడా కొట్టేశా. ఇక ఏం మిగిలింది, పామే!

డెస్కు మనిషి: పిన్నిగారూ, “ఎవరిచేత?” అని అడిగి చూడండి. ‘తీసుకురాబడింది’కి ఆ ప్రశ్న అతుకుతుంది, ‘భయపడ్డాను’కి అతకదు. రెండోది మామూలు తెలుగే, ఉంచండి.

సాగరతీరం గారూ, ‘అనేది’, ‘జరిగింది’ పోయినందుకు నష్టం లేదు. కానీ ‘పగిలిందట’లో ‘అట’ తీసేశారు, అదీ మేస్టారి ‘న’ లాంటిదే. విన్నమాట చూసినమాట అయిపోయింది. పైపు మీరు చూశారా? ‘కొంతకాలం’ తీసేశారు సరే, ఎన్నాళ్లో పెట్టలేదు. ‘చెప్పాం’ అంటే ఎవరు, ఎప్పుడు?

సాగరతీరం: పైపు చూడలేదండీ, పక్కింటాయన అన్నారు. చెప్పింది ఎవరా అని ఇప్పుడే కింద అడిగొచ్చాను. ఎవరూ చెప్పలేదు. పైవాళ్లు చెప్పారని మేము, మేము చెప్పామని వాళ్లు. ‘తీసుకురాబడటం’ అని రాసినప్పుడు నాకే అనుమానం రాలేదు!

మళ్లీ రాశాను: “11 రోజులుగా మా వీధి కుళాయి పొద్దున 15 నిమిషాలే వస్తోంది. పైపు పగిలిందని పక్కింటాయన అన్నారు. ఫిర్యాదు రేపు నేనే ఇస్తాను.”

మర్రిపాలెం పిన్ని: ఇస్తూ మా వీధి పేరు కూడా రాయి నాయనా. మాకు ఆ 15 నిమిషాలూ లేవు.

భీమిలి మేస్టారు: నీళ్ల సంగతి సరే. ‘టయె’ ఏ ప్రతిలో ఉందో చినవాల్తేరు గారు ఇంకా చెప్పలేదు.