కిలో లెక్కన లాండ్రీ కర్నూలులో నడుస్తుందా?

ప్రశ్న (వెంకటరమణ కాలనీ): బెంగళూరులో నేనుండే వీధిలో కిలో లెక్కన బట్టలుతికే షాపు ఎప్పుడూ రద్దీగా ఉంటుంది. మా ఊళ్లో కిలో 80 రూపాయలకు అదే పెడదామనుకుంటున్నా. నడుస్తుందా?

హంద్రీ గట్టు: రేటే సమస్య అన్నా. 50 పెట్టు, జనం వాళ్లే వస్తారు.

పాత సరుకు: 30 పెట్టినా రారు. బెంగళూరులో ఆ షాపుకు వచ్చేది రూముల్లో ఉండే కుర్రాళ్లు, ఇద్దరూ ఉద్యోగాలకెళ్లే జంటలు. వాళ్లకు ఆరేసే చోటుండదు, టైముండదు. మనకు మేడ మీద దండెం ఉంది, కర్నూలు ఎండ ఉంది, చాలా ఇళ్లలో మిషనో పనిమనిషో ఉంది. నలుగురున్న ఇంట్లో రోజుకు కిలో బట్టలు పడతాయనుకో. నీ రేటుకు నెలకు 2,400. ఇంట్లో ఉతుక్కుంటే అందులో ఎంత మిగులుతుందో మా ఆవిడను అడుగు, నన్ను కాదు.

మిషన్లు అవే పెట్టు, గిరాకీని మార్చు. 30 పడకల నర్సింగ్ హోములో పడకకు రోజుకో దుప్పటి మార్చినా, దుప్పటి అర కిలో చొప్పున 15 కిలోలు. అంత బట్ట కాలనీలో రావాలంటే 15 ఇళ్లవాళ్లు రోజూ ఉన్నదంతా నీకే వేయాలి. కాకపోతే ఆసుపత్రి వాళ్లు కిలోకు 80 ఇవ్వరు, పీసు లెక్కన బేరమాడతారు. రక్తం మరకలవి మొదట చన్నీళ్లలో జాడించాలి, నేరుగా వేడినీళ్లలో వేస్తే మరక పట్టేస్తుంది. ఆ బట్టలను ఇళ్ల బట్టలతో కలిపావంటే షాపు మూసుకోవడమే.

బుధవారపేట: మా ఇస్త్రీ ఆయన చొక్కాకు రెండు రూపాయలు పెంచాడు. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

హంద్రీ గట్టు: అన్నా, ఇది ఉతుకుడు సంగతి. అయినా ఆసుపత్రులు అప్పు పెడతాయి కదా?

పాత సరుకు: పెడతాయి. ఈ నెల బిల్లు వచ్చే నెలాఖరుకు వస్తే సంతోషం. అందాకా జీతాలు, కరెంటు, సబ్బు నీ చేతి నుంచే పోవాలి. రెండు నెలల ఖర్చు పక్కన లేకపోతే దిగొద్దు. ఇంకొకటి, బోరు నీళ్లు చూసుకో. సబ్బు నురగ రాక, తెల్ల దుప్పట్లు నాలుగైదు ఉతుకులకే బూడిద రంగుకు తిరిగితే నీళ్లలో ఉప్పు ఎక్కువున్నట్టే. మిషన్ హీటరుకూ తెల్లగా పేరుకుంటుంది. వాటర్ సాఫ్టనర్ ఖర్చు ముందే లెక్కలో వేసుకో.

ఎమ్మిగనూరు రోడ్డు: నర్సింగ్ హోములెందుకు, మంత్రాలయం లాడ్జీలు పట్టండి. గురువారాలు, శ్రావణంలో ఆరాధన, దుప్పట్లే దుప్పట్లు.

పాత సరుకు: ఆరాధన వారం సరే, మిగతా రోజుల సంగతి? పైగా కర్నూలు నుంచి పోను 75 కిలోమీటర్ల పైనే. డీజిలే తినేస్తుంది. లాడ్జీలే కావాలంటే షాపు ఎమ్మిగనూరులో పెట్టాలి.

ఎమ్మిగనూరు రోడ్డు: వారానికి రెండు ట్రిప్పులు చాలు, డీజిలు అంత కాదు. మీరు లెక్క ఎక్కువేస్తున్నారు.

వెంకటరమణ కాలనీ: మిషన్ అడ్వాన్సు ఆపేశా. తెలిసిన డాక్టరు గారి ఆసుపత్రిలో రెండు వారాలు రోజూ ఎన్ని దుప్పట్లు పడతాయో రాయిస్తున్నా. ఇళ్ల నుంచి చలికాలం రగ్గులు, పట్టుచీరలు మాత్రం తీసుకుంటే ఎట్లుంటుంది?

హంద్రీ గట్టు: పట్టుచీరల జోలికి పోవద్దన్నా. ఒక్కటి రంగు దిగితే నెల లాభం పోయినట్టే. రగ్గులు తీసుకో.